సైరన్ మోగితే గేటు వైపే పరుగెత్తాలా?

మాది కోస్తాలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. శీతల యంత్రాలన్నీ అమ్మోనియాతో నడుస్తాయి. కొత్తవాళ్లకు గమ్‌బూట్లు ఇవ్వకముందే వాళ్లను ఆవరణలోకి తీసుకెళ్లి, గాలి ఎటు వీస్తుందో తెలిపేలా కప్పు మీద ఎగిరే గాలిసంచీని చూపిస్తాను. గ్యాసు లీకై సైరన్ మోగితే ఎటు వెళతారని అడిగితే జవాబులు దాదాపు ప్రతిసారీ ఇవే.

అపోహ: "గేటు దగ్గర బోర్డు ఉంది కదా సార్, అక్కడికే."

గేటు దగ్గర ఒకటి, వెనుక ప్రహరీ దగ్గర ఒకటి, మాకు రెండు అసెంబ్లీ పాయింట్లు ఉన్నాయి. తీరంలో మామూలుగా పగలు గాలి సముద్రం నుంచి వీస్తుంది, రాత్రి నేల నుంచి సముద్రం వైపు మళ్లుతుంది. పగటి షిఫ్టుకు క్షేమమైన చోటికే రాత్రి గ్యాసు చేరవచ్చు. అందుకే ముందు సంచీని చూడాలి. దాని తోక ఎటు ఉంటే గ్యాసు అటే పోతుంది. మీరు ఆ దారిలోనే ఉంటే గ్యాసుతో పోటీపడి ముందుకు పరుగెత్తవద్దు. గాలికి అడ్డంగా పక్కకు నడిచి, తర్వాత చుట్టూ తిరిగి, గాలి వచ్చే వైపున్న పాయింటుకు రండి.

అపోహ: "అమ్మోనియా గాలికంటే తేలిక, పైకి పోతుంది."

ఇది చదువుకున్న కుర్రాళ్ల మాట. పుస్తకంలో నిజమే. కానీ పైపులోని ద్రవం ఒత్తిడితో బయటికి చిమ్మితే చల్లటి తెల్లని పొగమంచులా నేలబారుగా పాకుతుంది. ఘాటు వాసన తగిలితే సైరన్ కోసం ఎదురుచూడవద్దు. ముక్కుకు తడిగుడ్డ పెట్టుకుంటే బయటపడేంతవరకు కొంత మేలు. ఆ గుడ్డతో మళ్లీ లోపలికి వెళ్లడం మాత్రం ఆత్మహత్యే.

అపోహ: "బయటపడితే చాలు, ఇంటికి వెళ్లిపోవచ్చు."

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. ఒక రాత్రి మాక్ డ్రిల్‌లో మస్టరు ప్రకారం 64 మంది ఉండాలి, లెక్కకు 63 మందే వచ్చారు. ఇద్దరు శ్వాస సిలిండర్లు తగిలించుకుని లోపలికి వెళ్లారు. ఆ సిలిండరు అరగంట వస్తుందంటారు కానీ, బరువుతో వెతికేవాడికి అంతకంటే ముందే ఖాళీ అవుతుంది. పీలింగ్ హాలు, చల్లగదులు, మరుగుదొడ్లు అన్నీ గాలించారు. తీరా చూస్తే, లెక్కకు రాని అమ్మాయి బట్టలు మార్చుకునే గదిలో ఫోను, చెప్పులు తీసుకుని హాస్టలుకు వెళ్లిపోయింది! నిజంగా గ్యాసు లీకై ఉంటే, లేని మనిషి కోసం ఇద్దరు ప్రాణాలు పణంగా పెట్టేవారు. హాల్లోకి ఫోను అనుమతించం కాబట్టి ఆ గది వైపు కాళ్లు లాగుతాయని నాకు తెలుసు. అయినా అటు వెళ్లవద్దు. సూపర్‌వైజర్ పేరు పిలిచి టిక్కు పెట్టేవరకు అసెంబ్లీ పాయింటు నుంచి కదలవద్దు.

అపోహ: "చల్లగది తలుపు పడితే లోపల చిక్కుకుపోతాం."

బయట గడియ వేసినా లోపలి నుంచి తెరిచే మీట ఉంటుంది. దాన్ని ప్రతి ఒక్కరి చేతా నొక్కిస్తాను. మంచు పేరుకుని ఒక్కోసారి అది బిగుసుకుంటుంది. అలా అనిపిస్తే ఆ షిఫ్టులోనే నాకు చెప్పండి, బాగయ్యేవరకు ఆ గదిలోకి ఎవరూ వెళ్లరు.