ఎంటర్ పెద్దగా ఉంటే ఐఎస్ఓ కీబోర్డేనా? అపోహలు - వాస్తవాలు

వేరే దేశంలో కొన్న కీబోర్డ్ తగిలించి టైపు చేయడం మొదలుపెట్టగానే రెండు చిటికెన వేళ్లూ తడబడతాయి. ఎడమది షిఫ్ట్ అనుకుని నొక్కితే పెద్ద అక్షరానికి బదులు \a అని పడుతుంది. కుడిది ఎంటర్ అనుకుని నొక్కితే లైను మారదు, అక్కడా ఇంకో \ వచ్చి కూర్చుంటుంది. కీబోర్డ్ పాడైందేమోనని వెనక్కి పంపేసేవాళ్లూ ఉన్నారు. నిజానికి అది బాగానే ఉంటుంది. అమెరికన్ అమరిక అయిన ఆన్సీ రకానికి అలవాటుపడ్డ చేతుల కింద, యూరప్‌లో ఎన్నో దేశాలు వాడే ఐఎస్ఓ రకం ఉంది, అంతే.

అపోహ: ఎంటర్, షిఫ్ట్‌ల ఆకారం కంపెనీల డిజైన్ ముచ్చట.

ముచ్చట కాదు, లెక్క. మామూలు అక్షరం కీ ఆక్రమించే చోటును ఒక యూనిట్ అంటారు. అది 19.05 మిల్లీమీటర్లు. అక్షరాలుండే భాగంలో ప్రతి వరుసా సరిగ్గా 15 యూనిట్లు ఉండాలి. ఒక కీ కొత్తగా దూర్చాలంటే అదే వరుసలో ఇంకో కీని కోయక తప్పదు.

షిఫ్ట్ వరుస చూడండి. ఆన్సీలో ఎడమ షిఫ్ట్ 2.25, Z నుంచి / దాకా పది కీలు, కుడి షిఫ్ట్ 2.75. మొత్తం 15. ఐఎస్ఓలో Z పక్కన ఒక కీ అదనంగా ఉంటుంది, కాబట్టి ఎడమ షిఫ్ట్ 1.25కి కుదించుకుపోయింది. కుడి షిఫ్ట్‌ను ఎవరూ ముట్టుకోలేదు, పూర్తి సైజు కీబోర్డుల్లో రెండు రకాల్లోనూ అది 2.75 యూనిట్లే.

ఎంటర్ దగ్గర జరిగింది వేరు. అక్కడ కొత్త కీ ఏమీ పుట్టలేదు. ఆన్సీలో ఎంటర్ పైన 1.5 యూనిట్ల వెడల్పుతో \ కీ ఉంటుంది. ఐఎస్ఓలో అది ఒక వరుస కిందికి దిగి ' పక్కన చేరింది. 2.25 యూనిట్ల ఎంటర్ ఆ వరుసలో 1.25కి తగ్గి, పైన ఖాళీ అయిన 1.5 యూనిట్లను కలిపేసుకుంది. తలకిందులుగా పెట్టిన L లాంటి ఆకారం అలా వచ్చింది. అందుకే ఐఎస్ఓ ఎంటర్ చూడటానికి పెద్దదే గాని చేతికి దూరం. మధ్య వరుసలో దాని ఎడమ అంచు ఆన్సీ కంటే ఒక యూనిట్, అంటే దాదాపు 19 మిల్లీమీటర్లు కుడికి జరిగింది. వేలు తప్పేది సరిగ్గా ఆ 19 మిల్లీమీటర్ల దగ్గరే.

ఇంతకీ ఆ అదనపు కీ ఎందుకంటే, చాలా యూరప్ భాషలకు అక్షరాలు ఎక్కువ. జర్మన్‌లో [ ఉండాల్సిన చోట ü, ; చోట ö, ' చోట ä, - చోట ß కూర్చున్నాయి. చోటు పోగొట్టుకున్న గుర్తులు ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి కదా. జర్మన్ కీబోర్డ్‌లో < > | మూడూ షిఫ్ట్ పక్కనున్న ఆ కొత్త కీ మీదికే చేరాయి. ఐబీఎమ్ రోజుల నుంచీ అమెరికాకు 101 కీలు, బయటి దేశాలకు 102 కీలు అన్న తేడా ఉంది. తర్వాత విండోస్ కీలు రెండు, మెనూ కీ ఒకటి కలిసి అవి 104, 105 అయ్యాయి.

అపోహ: ఎంటర్ రెండు వరుసల ఎత్తు ఉంటే అది ఐఎస్ఓ.

కొనేటప్పుడు ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. జపాన్ కీబోర్డుల్లోనూ ఎంటర్ ఎత్తుగానే ఉంటుంది, కానీ ఎడమ షిఫ్ట్ పొడుగు, స్పేస్ బార్ పొట్టి, బ్యాక్‌స్పేస్ ఒక్క యూనిట్. ఇంకో రకం కూడా దొరుకుతుంది. అందులో భారీ ఎంటర్ కోసం \ కీని బ్యాక్‌స్పేస్ పక్కకు తోసి, బ్యాక్‌స్పేస్‌ను పొట్టి చేస్తారు. దాని ఎడమ షిఫ్ట్ మాత్రం ఆన్సీలాగే పొడుగ్గా ఉంటుంది. చూపుకు ఐఎస్ఓ, లెక్కకు ఆన్సీ.

కాబట్టి ఫొటోలో ముందు ఎడమ షిఫ్ట్ చూడండి. అది పొట్టిగా ఉండి, Z వరుసలో దాని పక్కన ఒక కీ కనిపించి, ఎంటర్ కూడా ఎత్తుగా ఉంటేనే ఐఎస్ఓ. కీల సంఖ్య రాసి ఉంటే అదీ పనికొస్తుంది. పూర్తి సైజులో 104 అయితే ఆన్సీ, 105 అయితే ఐఎస్ఓ. నంబర్ ప్యాడ్ లేనివాటిలో 87, 88. అరవై శాతం సైజులో 61, 62. మ్యూజిక్ బటన్లు కలిపి లెక్కేసే కంపెనీలతో ఈ లెక్క చెడుతుంది. అమ్మకం పేజీల్లో అన్ని దేశాలకూ ఒకే అమెరికన్ ఫొటో పెట్టేయడం మామూలే, కాబట్టి అనుమానం ఉంటే ఆ పెట్టెలో ఉన్న కీబోర్డ్ ఫొటోనే అడగాలి.

అపోహ: యూరప్‌లో కొంటే ఐఎస్ఓ వస్తుంది.

బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్‌లలో అవును. నెదర్లాండ్స్, పోలండ్‌లలో ఎక్కువగా నడిచేది ఆన్సీయే. అడగాల్సింది ఖండం గురించి కాదు, ఆ కీబోర్డ్ ఏ దేశపు అమరికకు చేసిందో.

అపోహ: కీ మీద ఏది అచ్చేసి ఉంటే అదే పడుతుంది.

కీబోర్డ్‌కు తన మీద ఏం అచ్చేసి ఉందో తెలియదు. అది పంపేది ఫలానా స్థానంలోని కీ నొక్కారన్న సంఖ్య మాత్రమే. దానికి ఏ అక్షరమో తేల్చేది సిస్టమ్‌లోని సెట్టింగ్. దేశం కోడ్ చెప్పే ఏర్పాటు యూఎస్‌బీ ప్రమాణంలో ఉంది గాని దాన్ని నింపేవాళ్లు తక్కువ, పట్టించుకునేవాళ్లు అంతకంటే తక్కువ. కొత్త కీబోర్డ్ పెట్టినప్పుడు ఎడమ షిఫ్ట్ పక్కనున్న కీ నొక్కమని మ్యాక్ అడిగేది కూడా అందుకే. అప్పుడు తప్పు కీ నొక్కితే ` కీ, § కీ తారుమారవుతాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. బ్రిటిష్ ఐఎస్ఓ కీబోర్డ్, విండోస్‌లో అమెరికన్ సెట్టింగ్. ఎంటర్ పక్కన # ~ అని అచ్చు ఉన్న కీ నొక్కితే \ పడుతుంది, షిఫ్ట్‌తో |. ఎడమ షిఫ్ట్ పక్కన \ అని ఉన్న కీ కూడా \ నే ఇస్తుంది. షిఫ్ట్‌తో 2 నొక్కితే అచ్చు " అంటుంది, పడేది @. షిఫ్ట్‌తో 3 నొక్కితే £ కాదు, #. అచ్చుకీ తెరకీ పొంతన లేదు, నిజమే. కానీ ఒక్క విషయం గమనించండి: అమెరికన్ సెట్టింగ్‌కు కావలసిన గుర్తుల్లో ఒక్కటీ పోలేదు. కీలు చూడకుండా టైపు చేసేవాళ్లకు ఇబ్బంది షిఫ్ట్, ఎంటర్‌ల దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

అదే తిరగేసి చూడండి. ఆన్సీ కీబోర్డ్, సెట్టింగ్ జర్మన్. < > | ఉండాల్సిన కీ ఆ కీబోర్డ్‌లో లేనే లేదు. ü, ö, ß అన్నీ హాయిగా పడతాయి, ప్రోగ్రామ్ రాయబోతే < దొరకదు. బ్రిటిష్ సెట్టింగ్‌తో అయితే మాయమయ్యేది \ కీ. ఎంటర్ పైనున్న కీ నొక్కితే # వస్తుంది, ఫోల్డర్ దారి టైపు చేయడం నరకం.

మొత్తానికి ఐఎస్ఓ కీబోర్డ్ మీద అమెరికన్ సెట్టింగ్ అలవాటుతో సరిపోయే చిరాకు. ఆన్సీ మీద యూరప్ సెట్టింగ్ అసలైన లోటు. ఒకే కీబోర్డ్ మీద రెండు రకాల సెట్టింగులూ వాడాల్సినవాళ్లు ఐఎస్ఓ కొనడమే మేలని మా అభిప్రాయం, ఎంటర్ ఎంత దూరమైనా సరే.

అపోహ: పొట్టి షిఫ్ట్‌కు చేసేదేమీ లేదు, అలవాటు పడాల్సిందే.

అదనపు కీని కూడా షిఫ్ట్‌గా మార్చేస్తే చాలు. అప్పుడు 1.25, 1 కలిపి పాత 2.25 యూనిట్లలో ఎక్కడ నొక్కినా షిఫ్టే. విండోస్‌లో ఆ కీ కోడ్ 56, ఎడమ షిఫ్ట్ కోడ్ 2a. కింది వరుసల్ని .reg ఫైలుగా సేవ్ చేసి, డబుల్ క్లిక్ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి.

```
Windows Registry Editor Version 5.00

[HKEY_LOCAL_MACHINE\SYSTEM\CurrentControlSet\Control\Keyboard Layout]
"Scancode Map"=hex:00,00,00,00,00,00,00,00,02,00,00,00,2a,00,56,00,00,00,00,00
```

ముందు వచ్చేది కావలసిన కోడ్, తర్వాతది నొక్కే కీ కోడ్. తిరగేసి రాస్తే ఉన్న షిఫ్ట్ కాస్తా పోతుంది. అక్కడ ఇప్పటికే Scancode Map అన్న విలువ ఉంటే ఇది దాన్ని చెరిపేస్తుంది, ముందే చూసుకోండి. ఈ మార్పు తగిలించిన కీబోర్డులన్నింటికీ వర్తిస్తుంది, కానీ ఆన్సీలో 56 కోడ్ పంపే కీ ఉండదు కాబట్టి ల్యాప్‌టాప్ సొంత కీబోర్డ్‌కు నష్టం లేదు. వద్దనుకుంటే ఆ విలువను తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయడమే. లైనక్స్‌లో ఎక్స్11 వాడేవాళ్లు దీన్ని ప్రయత్నించి చూడొచ్చు. లాగవుట్ అయితే పోతుంది:

```
xmodmap -e "keycode 94 = Shift_L" -e "add shift = Shift_L"
```

ఇది కుదిరిన ఉత్సాహంలో ఎంటర్ పక్కనున్న కీని కూడా ఎంటర్‌గా మార్చేయాలనిపిస్తుంది. ఆగండి. అమెరికన్ సెట్టింగ్‌లో \ మిగిలి ఉన్నది ఆ ఒక్క కీ మీదే. రెండూ మారిస్తే \, | రెండూ కీబోర్డ్ మీద లేకుండా పోతాయి. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలంటే షిఫ్ట్‌ను ఎంచుకోండి.

అపోహ: పైన ఉండే క్యాపులు మారిస్తే ఐఎస్ఓ ఆన్సీ అవుతుంది.

అవదు. ఆన్సీ ఎంటర్ అడ్డంగా ఉంటుంది, పెద్ద కీ ఒరగకుండా పట్టే దాని స్టెబిలైజర్ కూడా అడ్డంగానే. ఐఎస్ఓ ఎంటర్ స్టెబిలైజర్ నిలువుగా ఉంటుంది, స్విచ్ చోటూ వేరు. సర్క్యూట్ బోర్డ్‌లో రెండిటికీ రంధ్రాలుండి, లోపలి ప్లేటు కూడా అందుకు ఒప్పుకుంటేనే మార్పు సాధ్యం. ఒక రకానికే చేసిన కీబోర్డ్ అదే రకంగా ఉండిపోతుంది.

క్యాపుల సెట్ కొనేటప్పుడు ఐఎస్ఓవాళ్లకు మూడు ముక్కలు తప్పక ఉండాలి: ఎత్తు ఎంటర్, 1.25 ఎడమ షిఫ్ట్, షిఫ్ట్ పక్కన పెట్టే ఒక యూనిట్ కీ. ఎంటర్ పక్కన పెట్టేది కూడా ఒక యూనిట్ కీయే, ఆన్సీ సెట్‌లోని 1.5 యూనిట్ల \ అక్కడ పట్టదు. షిఫ్ట్ ఒక్కటే లోటైతే, చెర్రీ ప్రొఫైల్ అనే ఆకారపు సెట్లలో మిగిలిపోయిన 1.25 కంట్రోల్ క్యాప్ అక్కడ కూర్చుంటుంది, వాలు కూడా కలుస్తుంది. ఎంటర్‌కు మాత్రం అలాంటి దారి లేదు.

ల్యాప్‌టాప్ కీబోర్డ్ చెడిపోయి కొత్తది తెప్పించేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త కావాలి. చాలా మోడళ్లలో పైభాగంలో ఒక్కో కీకి విడిగా కన్నం కోసి ఉంటుంది. ఆన్సీ కన్నాల కింద ఐఎస్ఓ కీబోర్డ్ పెడితే ఎంటర్ దగ్గర, ఎడమ షిఫ్ట్ దగ్గర ప్లాస్టిక్ అడ్డం వస్తుంది. మోడల్ నంబర్ కలిసినంత మాత్రాన చాలదు. పాత కీబోర్డ్ తీసి వెనకున్న పార్ట్ నంబర్ చదివి, అదే నంబర్‌తో వెతకాలి.