99.97 శాతం ఫిల్టరున్నా గదిలో దుమ్ము ఎందుకు మిగులుతుంది?

ఒక పాఠకురాలు రాశారు: "మా ఎయిర్ ప్యూరిఫైయర్ డబ్బా మీద హెపా ఫిల్టర్, 99.97 శాతం అని ఉందండి. రాత్రంతా నడిపినా మీటర్‌లో సన్నని ధూళిని చూపే పీఎం 2.5 అంకె బయట ఉన్నదాంట్లో సగం దగ్గరే ఆగిపోతోంది. మేం మోసపోయామా?"

ఫిల్టర్‌లో మోసం ఉండకపోవచ్చు. ఆ 99.97 శాతం ఫిల్టర్‌లోంచి వెళ్లిన గాలికి సంబంధించిన అంకె. మీరు పీల్చేది గదిలో ఉన్న గాలి. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసం.

ముందు ఫిల్టర్ సంగతి. వడపోత అంటే రంధ్రం కన్నా పెద్దది ఆగుతుంది, చిన్నది దాటిపోతుంది అని బడిలో చెబుతాం. హెపా అలా పనిచేయదు. అందులో సన్నని పోగులు చిక్కుగా అల్లుకుని ఉంటాయి. వాటి మధ్య ఖాళీలు చాలా ధూళి కణాల కన్నా పెద్దవే. గాలి పోగును చుట్టుకుని మలుపు తిరిగినప్పుడు పెద్ద కణం తన వేగం వల్ల తిరగలేక పోగుకు తగిలి అతుక్కుంటుంది. మరీ చిన్న కణాన్ని గాలి అణువులు అటూ ఇటూ తోస్తుంటాయి కాబట్టి అది తిన్నగా పోలేదు, తిరిగి తిరిగి ఏదో ఒక పోగును తాకుతుంది. ఈ రెండింటికీ మధ్యలో, సుమారు 0.3 మైక్రాన్ల దగ్గర ఉన్న కణాలే ఎక్కువగా తప్పించుకుంటాయి. అందుకే పరీక్ష ఆ సైజు కణాలతో పెడతారు. 99.97 అనేది అన్నిటికన్నా కష్టమైన కణం మీద వచ్చిన మార్కు. అంతకన్నా చిన్న కణాలు ఇంకా బాగా దొరుకుతాయి! నాకు ఎంతో ఇష్టమైన భౌతికశాస్త్ర విశేషాల్లో ఇదొకటి.

ఇక గది. ఒక నీళ్ల తొట్టి ఊహించుకోండి. దానిలోకి రెండు కుళాయిలు పోస్తున్నాయి. ఒకదాంట్లోంచి మురికి నీళ్లు, రెండోదాంట్లోంచి శుభ్రమైన నీళ్లు. తొట్టి నిండి పొర్లుతూనే ఉంటుంది, లోపల నీళ్లు బాగా కలుస్తూ ఉంటాయి. కొంతసేపటికి తొట్టిలో ఎంత మురికి మిగులుతుంది? మురికి కుళాయి ధారను రెండు ధారల మొత్తంతో భాగిస్తే ఎంత వస్తుందో అంత. తలుపు సందుల్లోంచి, కిటికీ అంచుల్లోంచి వచ్చే బయటి గాలి మురికి కుళాయి. ప్యూరిఫైయర్ శుభ్రమైన కుళాయి. ఆ రెండో కుళాయి ధార పేరే సీఏడీఆర్, అంటే మిషన్ గంటకు ఇచ్చే శుభ్రమైన గాలి పరిమాణం. ఫ్యాన్ లాగే గాలిని ఫిల్టర్ సామర్థ్యంతో గుణిస్తే అది వస్తుంది.

ఈ గుణకారంలోనే అసలు కీలకం ఉంది. 99.97 శాతం ఫిల్టర్‌తో గంటకు 150 ఘనమీటర్లు లాగే మిషన్ సీఏడీఆర్ దాదాపు 150. ఫిల్టర్ 85 శాతమే పట్టినా 250 ఘనమీటర్లు లాగే మిషన్‌ది 212. గదిని ఎక్కువ శుభ్రంగా ఉంచేది రెండోదే. ఒకసారి తప్పించుకున్న కణం గదిలోనే ఉంటుంది కదా, మళ్లీ మళ్లీ ఫిల్టర్ దగ్గరికి వస్తుంది. అందుకని ఫిల్టర్ పేరు చూశాక అక్కడే ఆగకుండా సీఏడీఆర్ చూడండి. అది సీఎఫ్ఎమ్‌లో, అంటే నిమిషానికి ఘనపు అడుగుల్లో ఉంటే, 1.7తో గుణిస్తే గంటకు ఘనమీటర్లు వస్తాయి.

12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న పడకగదిని తీసుకుందాం. 1,440 ఘనపు అడుగులు, అంటే దాదాపు 41 ఘనమీటర్లు. సీఏడీఆర్ 200 ఉన్న మిషన్ పెడితే గంటకు 4.9 సార్లు గది నిండేంత శుభ్రమైన గాలి వస్తుంది. కిటికీలు మూసి ఉంటే సందుల్లోంచి గంటకు సగం గది గాలి వస్తోందనుకుందాం. బయట పీఎం 2.5 అంకె 100 ఉంటే లోపల 0.5ను 5.4తో భాగించి 100తో గుణించాలి. 9 వస్తుంది. చక్కటి గాలి.

ఇప్పుడు కిటికీ కాస్త తీసి ఉందనుకోండి, గంటకు 5 సార్లు బయటి గాలి వచ్చిపడుతోంది. అదే మిషన్, అదే ఫిల్టర్. లోపలి అంకె 50కి చేరి అక్కడే నిలబడుతుంది. తెల్లవార్లూ నడిపినా దిగదు. పాఠకురాలి సగానికి ఇది ఒక కారణం కావచ్చు.

రెండో కారణం శబ్దం. డబ్బా మీద రాసే సీఏడీఆర్ మామూలుగా గరిష్ఠ వేగంలో కొలిచింది. ఆ మోతలో నిద్ర పట్టక స్లీప్ మోడ్‌లో పెడతారు. అప్పుడు 200 కాస్తా 60కి పడిపోతే కిటికీ మూసినా లోపల 25 ఉంటుంది. కాబట్టి గదికి సరిపోయే మిషన్ కాకుండా, తక్కువ వేగంలో కూడా సరిపోయే పెద్ద మిషన్ కొనాలి. అమెరికాలోని గృహోపకరణ తయారీదారుల సంఘం సూత్రం ప్రకారం, గది వైశాల్యం ఎన్ని చదరపు అడుగులో అందులో మూడింట రెండు వంతులు, పొగకు సీఎఫ్ఎమ్‌లో కొలిచిన సీఏడీఆర్ ఉండాలి. అది 8 అడుగుల ఎత్తుకు వేసిన లెక్క, ఎత్తు పెరిగితే ఆ మేరకు పెంచుకోవాలి. డబ్బా మీద "ఇన్ని చదరపు అడుగులకు సరిపోతుంది" అన్న మాటను మాత్రం నమ్మకండి. గంటకు ఒకటి రెండు సార్లు గాలి మారితే చాలనుకుని కూడా ఆ అంకె వేయొచ్చు.

కుండీల్లో మొక్కలు పెంచితే ప్యూరిఫైయర్ అక్కర్లేదన్న నమ్మకం కూడా ఈ తొట్టి ముందు నిలవదు. ఆ నమ్మకానికి ఆధారంగా చూపే 1989 నాటి నాసా ప్రయోగం బిగించి మూసిన చిన్న గదుల్లో జరిగింది, అదీ కొన్ని వాయువుల మీద. మన గదుల్లో మురికి కుళాయి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, మొక్క ఇచ్చే శుభ్రమైన ధార బొట్టు బొట్టుగా కూడా ఉండదు. మొక్కలు అందానికి పెంచుకోండి. ఒక పరిమితి హెపాకూ ఉంది: వాయువులను, వాసనలను అది పట్టదు. కార్బన్ పొర కొంత పడుతుంది, పలుచని పొరైతే త్వరగా నిండిపోతుంది. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను ఏదీ తీయదు, కాబట్టి బయటి అంకె తగ్గిన వేళ చూసి కిటికీలు తీయక తప్పదు. ఓజోన్ వదిలే మిషన్ల జోలికి వెళ్లొద్దు, అది ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

మీ మిషన్ నిజంగా ఎంత ఇస్తోందో ఇంట్లోనే చూడొచ్చు. మిషన్‌లో ఉన్న సెన్సర్ తన చుట్టూ ఉన్న శుభ్రమైన గాలినే చూస్తుంది, అందుకని విడి మీటరును గదికి అవతలి వైపు పెట్టండి. కిటికీలు తెరిచి లోపలి అంకె బయటితో సమానం అయ్యేదాకా ఆగండి. తర్వాత అన్నీ మూసి, గరిష్ఠ వేగంలో పెట్టి, అంకె సగానికి రావడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. మన ఉదాహరణ గదిలో సుమారు 9 నిమిషాలు పట్టాలి. కొత్త మిషన్ అసలేమీ దించకపోతే ముందు ఫిల్టర్ బయటికి తీసి చూడండి. దాని ప్లాస్టిక్ కవరు తీయకుండానే నడిపేవాళ్లున్నారు. నెలనెలా ఈ పరీక్ష చేస్తే ఫిల్టర్ వయసు కూడా తెలుస్తుంది. దుమ్ము నిండేకొద్దీ గాలి లాగడం కష్టమై ధార సన్నబడుతుంది. 9 నిమిషాలు కాస్తా 19 అయ్యాయంటే మీ 200 మిషన్ 100 అయిపోయినట్టు. ఫిల్టర్ మార్చమని చెప్పే లైటు వెలిగినా వెలగకపోయినా అప్పుడు దాన్ని మార్చాలి.