పైప్‌లైన్ నిర్వహణ పత్రం తెలుగులోకి: ప్రైమర్, డీఎఫ్‌టీ, కాథోడిక్ రక్షణపై అపోహలు - వాస్తవాలు

పైప్‌లైన్ నిర్వహణ పత్రాలను తెలుగులోకి తేవడం నా పని. వాటిని చదివేది బ్రష్షూ మీటరూ పట్టుకునే మనిషి. మనం రాసిన వాక్యాన్ని బట్టే ఆయన పూత వేస్తాడు, రీడింగ్ చూసి సరిపోయిందనో లేదనో తేలుస్తాడు. అందుకే ఈ అపోహలు నాకు చిన్నవిగా అనిపించవు.

అపోహ: ప్రైమర్ అంటే మొదటి కోటు రంగు. అలా రాస్తే సరిపోతుంది.

ప్రైమర్‌ను ప్రైమర్ అనే రాయండి. సైట్‌లో అందరూ అనే మాట అదే. అసలు చిక్కు ఆ మాటలో లేదు, దాని పక్కనుండే "ఆరాక" అనే మాటలో ఉంది.

పైప్‌లైన్ పనిలో ప్రైమర్ ఒక్కటే కాదు. భూమి పైనున్న పైపుకు జింక్ ఎక్కువగా ఉండే ఎపాక్సీ ప్రైమర్ వేస్తే, అందులోని జింక్ తాను క్షయమవుతూ ఉక్కును కాపాడుతుంది. అది పూర్తిగా ఆరి, తయారీదారు చెప్పిన వ్యవధి గడిచాకే తర్వాతి కోటు వేయాలి. భూమిలో ఉండే పైపుకు టేపు చుట్టేటప్పుడు వాడే ప్రైమర్ పని వేరు. అది ఉక్కుకూ టేపుకూ మధ్య పట్టు ఇచ్చే జిగురు లాంటిది. చాలా రకాల్లో అది చేతికి జిగటగా తగులుతున్నప్పుడే టేపు చుట్టాలి. రెండుచోట్లా "ప్రైమర్ ఆరాక" అని ఒకేలా రాస్తే, టేపు చుట్టేవాడు అది గట్టిపడేదాకా ఆగుతాడు, పట్టు తగ్గుతుంది. మూలంలో ఏ ప్రైమరో చూసి, "పూర్తిగా ఆరాక" అనో "జిగట దశకు రాగానే" అనో విడదీసి రాయాలి.

అపోహ: డీఎఫ్‌టీ అంటే పెయింట్ మందమే కదా.

ఇక్కడ కాస్త ఆగుదాం. డీఎఫ్‌టీ అంటే ఎండిన పొర మందం. "ఎండిన" అనే మాట పోతే లెక్క మొత్తం పోతుంది.

ఒక పత్రంలో 150 మైక్రాన్ల డీఎఫ్‌టీ అడిగారనుకుందాం. పెయింట్‌లో ఘనపదార్థం ఘనపరిమాణం లెక్కన 60 శాతం. మిగతా 40 శాతం సాల్వెంట్, ఆవిరైపోతుంది. అంటే ఎండాక 150 మిగలాలంటే తడిగా ఉన్నప్పుడు 150ని 0.6తో భాగించినంత, అంటే 250 మైక్రాన్లు వేయాలి. అనువాదంలో "150 మైక్రాన్ల మందంతో పెయింట్ వేయాలి" అని రాస్తే, పెయింటర్ తడి పొరను దువ్వెన గేజ్‌తో చూసి 150 రాగానే ఆపేస్తాడు. ఎండాక మిగిలేది 90. పైకి చూస్తే పని బాగానే ఉంటుంది. మాగ్నెటిక్ గేజ్ పెట్టేదాకా తేడా తెలియదు.

"ఘనపరిమాణం లెక్కన" అన్నది వదిలేసినా ఇలాంటి ప్రమాదమే. పెయింట్ డేటా షీట్‌లో బరువు లెక్కన ఇంకో శాతం ఉండవచ్చు, అది సాధారణంగా ఎక్కువ. అది 75 అయితే లెక్కవేసే మనిషికి తడి మందం 200 వస్తుంది, ఎండాక 120 మిగులుతుంది. థిన్నర్ కలిపితే తడి మందం ఇంకా పెంచాలి. పది శాతం కలిపితే 250 బదులు 275.

ఇంకో రెండు మాటలు చూసుకోవాలి. "రెండు కోట్లు, 150 మైక్రాన్లు" అంటే ఒక్కో కోటుకా, మొత్తానికా? మూలం అస్పష్టంగా ఉంటే ఊహించి రాయకుండా అడిగి తీరాలి. రెండోది "నామినల్" అనే మాట. దీన్ని "కనీస" అని రాస్తారు, అది తప్పు. ఐఎస్ఓ 19840 ప్రకారం రీడింగుల సగటు నామినల్ విలువకు తగ్గకూడదు. విడి రీడింగ్ మాత్రం దానికంటే తగ్గవచ్చు, కానీ దానిలో 80 శాతం కంటే కిందికి పోకూడదు, అలా తగ్గినవి మొత్తం రీడింగుల్లో 20 శాతం లోపే ఉండాలి. నామినల్ 150 అయితే ఒకచోట 125 రావడం దానంతటదే లోపం కాదు. "కనీసం 150" అని రాసేస్తే బాగున్న పూతను గీకించినట్టవుతుంది. నేను "నిర్దేశిత మందం" అని రాసి, అంగీకార నియమాన్ని పక్కనే పూర్తి వాక్యంలో పెడతాను.

అపోహ: కాథోడ్ అంటే ఋణధ్రువం, ఆనోడ్ అంటే ధనధ్రువం.

బడి పుస్తకాల నుంచి వచ్చిన అలవాటిది. ఉక్కు పైపు తుప్పు పట్టకుండా దానికి కరెంటు అందించే పద్ధతే కాథోడిక్ రక్షణ. అందులో కాథోడ్ పైపు, క్షయమయ్యేది ఆనోడ్. పైపుకు మెగ్నీషియం ఆనోడ్ కలిపిన చోట మీటర్ పెడితే, ఆ ఆనోడే పైపు కంటే ఎక్కువ ఋణాత్మకంగా కనిపిస్తుంది. దాన్ని "ధనధ్రువం" అని రాస్తే మీటర్ ఒకటి, కాగితం ఇంకొకటి చెబుతాయి. రెక్టిఫైయర్‌తో కరెంటు పంపే పద్ధతిలో మాత్రం ప్లస్ టెర్మినల్ ఆనోడ్‌కు, మైనస్ టెర్మినల్ పైపుకు వెళ్తాయి. ఇది తారుమారైతే పైపే ఆనోడ్ అవుతుంది, కాపాడాల్సింది క్షయమవుతుంది. అందుకే ఆనోడ్, కాథోడ్ అనే మాటలను అలాగే ఉంచి, టెర్మినళ్లను పెట్టె మీద ఉన్నట్టు + అనీ − అనీ రాస్తాను.

"ఆనోడ్ తుప్పు పట్టింది" అని కూడా రాయకూడదు. తుప్పు ఇనుముకే. మెగ్నీషియం కరిగి తగ్గిపోవడం లోపం కాదు, అది చేయాల్సిన పనే. "ఆనోడ్ తరిగింది" అంటే చాలు.

అపోహ: "కనీసం -850 మిల్లీవోల్టులు" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

పైపుకు కాథోడిక్ రక్షణ చాలిందో లేదో తేల్చే పొటెన్షియల్ రీడింగ్ గురించిన వాక్యమిది. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. లెక్క ప్రకారం -700 అనేది -850 కంటే పెద్ద సంఖ్య. కాబట్టి "కనీసం -850" చదివిన మనిషి -700ను పాస్ చేస్తే అతని తప్పు లేదు, కానీ ఆ పైపుకు రక్షణ చాలలేదు. నేను ఇలా రాస్తాను: "రీడింగ్ -850 గానీ, అంతకంటే ఎక్కువ ఋణాత్మకంగా గానీ ఉండాలి. ఉదాహరణకు -900 సరిపోతుంది, -800 చాలదు."

ఆ సంఖ్య పక్కన రెండు విషయాలు తప్పక ఉండాలి. ఒకటి, కొలిచింది రాగి-కాపర్ సల్ఫేట్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌తో అని. జింక్ ఎలక్ట్రోడ్‌తో కొలిస్తే అదే స్థితికి గుర్తు మారి ప్లస్ సంఖ్య వస్తుంది. రెండోది, అది కరెంటు ఆపిన తక్షణ రీడింగ్ అని. కరెంటు పారుతుండగా తీసిన రీడింగ్‌లో మట్టిలో పడిపోయే వోల్టేజ్ కలిసి, ఉన్నదానికంటే మంచిగా కనిపిస్తుంది. "కరెంటు తీసేశాక కొలవాలి" అని రాస్తే గంట తర్వాత కొలిచేవాళ్లూ ఉంటారు. ఈలోగా పైపు పొటెన్షియల్ జారిపోయి, బాగున్న పైపు కూడా ఫెయిల్ అయినట్టు కనిపిస్తుంది. "కరెంటు ఆపిన వెంటనే, సుమారు ఒక సెకను లోపు" అని సమయం చెప్పాలి.

అలాగని ఎంత ఋణాత్మకమైతే అంత మంచిది కాదు. చాలా పత్రాల్లో ఆపిన తక్షణ రీడింగ్‌కు -1200 దగ్గర హద్దు పెడతారు. అది దాటితే పూత ఉక్కును విడిచే ప్రమాదం ఉంది. "-1200కు మించరాదు" అని రాస్తే మళ్లీ అదే తికమక వస్తుంది. "-1200 కంటే ఎక్కువ ఋణాత్మకంగా వెళ్లకూడదు" అనాలి.

ఈ భాగం పూర్తయ్యాక, పత్రం చదవాల్సిన టెక్నీషియన్‌కు ఇచ్చి మూడు తక్షణ రీడింగులు చూపిస్తాను: -790, -870, -1250. వీటిలో ఏది పాస్ అని అడుగుతాను. ఆయన -870 ఒక్కటే అంటే ఆ పేజీ వెళ్తుంది. ఇంకేం చెప్పినా, ఆయనకు వివరించకుండా వాక్యాన్నే మళ్లీ రాస్తాను.