బరువు తగ్గించే చెట్టుమందులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: చెట్టు నుంచి వచ్చింది కదా, కాలేయానికి ఏం కాదు.

వాస్తవం: పోయిన వేసవిలో చిత్తూరు నుంచి ఒక టీచరమ్మ తిరుపతికి నా దగ్గరికి వచ్చారు. కళ్లు పచ్చగా ఉన్నాయి, మూత్రం డికాషన్ రంగులో పోతోంది, అన్నం చూస్తేనే వికారం. కామెర్లని అప్పటికే ఊళ్లో పసరు తాగారు. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ 1,180 ఉంది, మామూలుగా అయితే 40 దరిదాపుల్లో ఉండాలి. హెపటైటిస్ ఏ, బీ, సీ, ఈ అన్నీ నెగెటివ్. స్కాన్‌లో రాళ్లూ లేవు.

"మందులేమైనా వాడుతున్నారా?" అంటే "ఏమీ లేవు సార్" అన్నారు. "పొడులు, టీలు, క్యాప్సూళ్లు?" అని విడిగా అడిగాక బ్యాగులోంచి డబ్బా తీశారు. బరువు తగ్గడానికని అమ్మే గార్సీనియా అనే పుల్లటి కాయ సారం క్యాప్సూళ్లు, రోజుకు మూడు, ఏడు వారాలుగా. "అది మందు కాదు కద సార్!"

ఇది గార్సీనియా పనే అని తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు. మిగతా కారణాలు ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ రావాలి, మందు ఆపాక తగ్గుతుందా అని చూడాలి. ఆవిడకు రక్తం గడ్డకట్టే పరీక్ష, అంటే ఐఎన్‌ఆర్, బాగుంది కాబట్టి ధైర్యంగా ఆగాం. డబ్బాతోపాటు పసరూ మానిపించాం. రెండు నెలలకు ఎస్‌జీపీటీ మామూలైంది. ఐఎన్‌ఆర్ పెరిగినా, మనిషి మత్తుగా, తికమకగా ఉన్నా కథ వేరు, వెంటనే అడ్మిట్ చేయాల్సిందే.

అపోహ: మా ఆడబిడ్డ అదే డబ్బా వాడింది, ఆమెకేం కాలేదు.

వాస్తవం: కాకపోవచ్చు. వాడినవాళ్లలో చాలా కొద్దిమందికే ఇలా అవుతుంది. అమెరికాలో ఇలాంటి కేసులు పరిశీలిస్తే, HLA-B*35:01 అనే జన్యురకం ఉన్నవాళ్లు వాళ్లలో ఎక్కువగా కనిపించారు. గ్రీన్ టీ సారంతో కాలేయం దెబ్బతిన్నవాళ్లలోనూ అదే రకం. ఒకసారి దెబ్బతిన్నవాళ్లు సగం డోసు కూడా మళ్లీ ముట్టకూడదు.

అపోహ: డబ్బా మీద గార్సీనియా అని ఉంది, లోపలా అదే.

వాస్తవం: ముందువైపు పెద్దక్షరాలు వదిలేసి డబ్బా వెనక్కి తిప్పండి. టీచరమ్మ డబ్బా వెనక చిన్నక్షరాల్లో 'కెమెల్లియా సైనెన్సిస్' అని ఉంది. అది గ్రీన్ టీయే, కప్పులో తాగేది కాదు, చిక్కబెట్టిన సారం. 'ప్రొప్రయిటరీ బ్లెండ్' అని రాసి మొత్తం బరువు ఒక్కటే ఇస్తే, ఏది ఎంత వేశారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. పరిమాణం ఒక్క క్యాప్సూల్‌కా, రోజు మొత్తానికా అన్నది కూడా చూడండి.

లేబుల్ ఎంత చదివినా దొరకనిది ఇంకోటుంది. సిబుట్రమిన్ అనే ఆకలి చంపే మందును గుండెకు ముప్పని 2010లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు, 2011లో మన దేశంలోనూ నిషేధించారు. 'హెర్బల్' డబ్బాల్లో దాన్ని గుట్టుగా కలిపి అమ్మడం అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పదేపదే పట్టుకుంది. వేసుకున్న రెండు మూడు రోజులకే ఆకలి పూర్తిగా చచ్చిపోయి, నోరు ఎండిపోయి, గుండె దడగా ఉండి, నిద్ర పట్టకపోతే నాకు ముందు దాని మీదే అనుమానం.

అపోహ: కాలేయం సంగతి ఎలా ఉన్నా, బరువైతే తగ్గుతుంది.

వాస్తవం: 1998లో అచ్చయిన అమెరికా పరిశోధనలో 135 మంది మీద 12 వారాలు చూశారు. గార్సీనియా వాడినవాళ్లకూ ఉత్తుత్తి మాత్రలు వాడినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కేరళవాళ్లు చేపల పులుసులో వేసే పులుపు ఈ కాయే. పులుసు తినండి, దానికి నా అభ్యంతరం లేదు.

డబ్బా మాత్రం పారేయకండి. ఆస్పత్రికి వచ్చేటప్పుడు తెచ్చి చూపించండి.