60 కిలోల లిఫ్టర్, 120 కిలోల లిఫ్టర్: ఇద్దరిలో ఎవరు బలవంతుడు?

పవర్‌లిఫ్టింగ్‌లో పతకాలు పంచడం పెద్ద కష్టం కాదు. అంతర్జాతీయ సమాఖ్య ఐపీఎఫ్ నిబంధనల ప్రకారం సీనియర్ పురుషుల్లో 59, 66, 74, 83, 93, 105, 120 కిలోల విభాగాలున్నాయి, 120 దాటినవాళ్లకు ఇంకొకటి ఉంది. స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ మూడింటిలో ఎత్తిన అత్యధిక బరువులు కలిపితే టోటల్. విభాగంలో ఎవరి టోటల్ ఎక్కువైతే బంగారం వాళ్లదే. పేచీ మొదలయ్యేది ఆ తర్వాత, అన్ని విభాగాల్లో కలిపి ఒక్కరిని ‘బెస్ట్ లిఫ్టర్’గా ప్రకటించాల్సి వచ్చినప్పుడు. మన జిల్లా, రాష్ట్ర పోటీల్లోనూ ఆ కప్పు కోసమే అందరూ చివరిదాకా కూర్చుంటారు. దాన్ని తేల్చేది బాడీవెయిట్‌ను బట్టి మారే ఒక గుణకం. ఆ గుణకం ఎక్కడినుంచి వచ్చిందో, ఎన్నిసార్లు మారిందో తెలిస్తే కప్పు ఎందుకు ఒకరికి వెళ్లి ఇంకొకరికి వెళ్లలేదో అర్థమవుతుంది.

ఈ చరిత్రంతా ఒక్క ప్రశ్నతో చెప్పుకోవచ్చు. 60 కిలోల లిఫ్టర్ 500 కిలోల టోటల్ చేశాడు. అతనితో సమానం అనిపించుకోవాలంటే 120 కిలోల లిఫ్టర్ ఎంత ఎత్తాలి?

ఒంటి బరువుకు ఎన్ని రెట్లు ఎత్తాడో చూస్తే చాలదా అని చాలామంది అంటారు. ఆ లెక్కన జవాబు 1000 కిలోలు. 120 కిలోల మనిషి సపోర్టు సూట్లు లేకుండా 1000 చేస్తే అది ప్రపంచంలోనే పేరు చెప్పుకునే టోటల్. 60 కిలోల మనిషికి 500 అంటే మంచి టోటలే గానీ ఆ స్థాయిది కాదు. అంటే ఈ లెక్క పెద్ద శరీరానికి అన్యాయం చేస్తోంది. కారణం జ్యామితిలోనే ఉంది. మనిషి కొలతలన్నీ రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. బలమేమో కండ అడ్డుకొలత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, అది పెరిగేది నాలుగు రెట్లే. కాబట్టి బలం బాడీవెయిట్‌కు 2/3 ఘాతంలో పెరగాలి. వెయిట్‌లిఫ్టింగ్ టోటల్స్‌కూ ఒంటి బరువుకూ ఉన్న సంబంధం దాదాపు ఇలాగే ఉందని లీట్జ్కే అనే పరిశోధకుడు 1956లో ‘సైన్స్’ పత్రికలో చూపించాడు. ఈ సూత్రం ప్రకారం మన ప్రశ్నకు జవాబు 794 కిలోలు.

ఇది కూడా బరువైనవాళ్లకు గిట్టుబాటు కాలేదు. 120 కిలోల మనిషి 60 కిలోల మనిషిని అచ్చుగుద్దినట్టు పెద్దది చేసిన బొమ్మ కాదు. పై విభాగాలకు వెళ్లేకొద్దీ పెరిగిన బరువంతా కండే అయి ఉండదు, కొవ్వు వాటా కూడా ఎక్కువవుతుంది. అందుకే సిద్ధాంతాన్ని పక్కనబెట్టి, పోటీల్లో నిజంగా వచ్చిన టోటల్స్ మీద ఒక గీత గీద్దామన్న ఆలోచన బలపడింది. మొదట పురుషులకు ష్వార్ట్జ్, మహిళలకు మలోన్ పట్టికలు వాడుకలో ఉండేవి. 1990లలో ఆస్ట్రేలియాకు చెందిన రాబర్ట్ విల్క్స్ తయారుచేసిన ఫార్ములా వాటి స్థానంలోకి వచ్చి రెండు దశాబ్దాలకు పైగా రాజ్యమేలింది. ‘నా విల్క్స్ 400 దాటింది’ అని లిఫ్టర్లు చెప్పుకునేంతగా ఆ పేరే కొలమానమైపోయింది.

విల్క్స్ గుణకం అంటే 500ను బాడీవెయిట్ మీద కట్టిన ఐదో ఘాతపు బహుపదితో భాగించగా వచ్చే సంఖ్య. 60 కిలోలకు అది 0.8529, 120 కిలోలకు 0.5749. టోటల్‌ను దీనితో గుణిస్తే పాయింట్లు వస్తాయి. మన ప్రశ్నకు విల్క్స్ ఇచ్చే జవాబు 742 కిలోలు.

1999లో వాండర్‌బర్గ్, బ్యాటర్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ఫార్ములాను ప్రపంచ పోటీల ఫలితాలతో పరీక్షించారు. టోటల్‌లోనూ బెంచ్ ప్రెస్‌లోనూ పక్షపాతమేమీ కనబడలేదు. డెడ్‌లిఫ్ట్‌ను విడిగా తీసుకుంటే మాత్రం బరువైన లిఫ్టర్లకు నష్టం జరుగుతోందని తేలింది. మహిళల స్క్వాట్‌లో మధ్య విభాగాలకు కాస్త మొగ్గు ఉంది. అంటే ఆ కాలానికి విల్క్స్ బాగానే పనిచేసింది. ‘ఆ కాలానికి’ అన్నది ఇక్కడ గమనించాలి. అప్పటి అంతర్జాతీయ పోటీలంటే బిగుతైన స్క్వాట్ సూట్లు, బెంచ్ షర్టులు వేసుకుని ఎత్తే ఎక్విప్డ్ పోటీలు. ఐపీఎఫ్ తొలి క్లాసిక్ ప్రపంచ చాంపియన్‌షిప్, అంటే సూట్లు లేకుండా బెల్టు, మోకాలి స్లీవ్స్‌తో ఎత్తేది, 2013లో గానీ జరగలేదు. సూట్ ఇచ్చే సాయం అన్ని విభాగాల్లో ఒకే నిష్పత్తిలో ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు. ఎక్విప్డ్ కాలపు గీతతో క్లాసిక్ లిఫ్టర్లను కొలవడం మీద అసంతృప్తి ఏటేటా పెరిగింది.

ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్‌లో ఇదే పని చేసే సింక్లెయిర్ గుణకాలను నాలుగేళ్ల ఒలింపిక్ చక్రానికోసారి కొత్త ఫలితాలతో లెక్కగట్టి మారుస్తారు. విల్క్స్‌కు అలాంటి ఏర్పాటు లేకపోవడమే నా ఉద్దేశంలో దాని అసలు లోపం.

గీత అంచుల్లో ఇంకో ప్రమాదం ఉంది. బహుపదులు తాము చూసిన డేటా దాటాక ఎటు తిరుగుతాయో చెప్పలేం. పురుషుల విల్క్స్ గుణకం సుమారు 202 కిలోల దాకా తగ్గుతూ వచ్చి అక్కణ్నుంచి మళ్లీ పెరుగుతుంది. మహిళలకు ఈ మలుపు 154.5 కిలోల దగ్గరే వస్తుంది. అంటే 154 కిలోల లిఫ్టర్, 165 కిలోల లిఫ్టర్ ఒకే టోటల్ చేస్తే బరువెక్కువ ఉన్నామెకే ఎక్కువ పాయింట్లు పడతాయి. ఇది ఆమె తప్పు కాదు, గణితం తప్పు. అందుకే జాగ్రత్తగా రాసిన కాలిక్యులేటర్లు ఆ హద్దు దగ్గర బాడీవెయిట్‌ను ఆపేసి లెక్కిస్తాయి.

2019 జనవరి 1 నుంచి ఐపీఎఫ్ విల్క్స్‌ను వదిలి ‘ఐపీఎఫ్ పాయింట్స్’ తెచ్చింది. ఇది గుణకం కాదు. ఆ బాడీవెయిట్‌కు సగటు టోటల్ ఎంత, ఫలితాలు ఆ సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయి అని చూసి, లిఫ్టర్ సగటుకు ఎంత పైన ఉన్నాడో చెబుతుంది. సగటు టోటల్‌కు 500 పాయింట్లు. ఆలోచన మంచిదే గానీ లిఫ్టర్లకు మింగుడుపడలేదు. మన 60 కిలోల లిఫ్టర్ 500 టోటల్‌కు 621 పాయింట్లు తెచ్చుకుంటాడు, సగం టోటల్ అంటే 250 చేసినవాడికి 268 మాత్రమే వస్తాయి. ఇంకా కింద ఉన్న కొత్తవాళ్ల పాయింట్లు సున్నా కన్నా దిగువకు కూడా పోవచ్చు. ఈ పద్ధతిలో మన ప్రశ్నకు జవాబు 760 కిలోలు, అంటే విల్క్స్ అడిగినదానికంటే ఎక్కువ.

ఏడాదిన్నర కూడా తిరక్కముందే, 2020 మే 1 నుంచి ఇప్పటి ఐపీఎఫ్ జీఎల్ పాయింట్లు వచ్చాయి. జీఎల్ అంటే గుడ్‌లిఫ్ట్. ఇందులో క్లాసిక్‌కు, ఎక్విప్డ్‌కు వేర్వేరు అంకెలు, మూడు లిఫ్టులకు, ఒక్క బెంచ్‌కు వేర్వేరు, పురుషులకు, మహిళలకు వేర్వేరు. క్లాసిక్ పురుషుల మూడు లిఫ్టులకు ఫార్ములా ఇదీ:

```
GL = Total × 100 / (1199.72839 − 1025.18162 × e^(−0.00921 × BW))
```

BW అంటే కిలోల్లో బాడీవెయిట్. బరువు పెరిగేకొద్దీ హారం పెరుగుతూనే ఉంటుంది, కానీ పెరిగే వేగం తగ్గుతుంది. విల్క్స్‌లా ఎక్కడా వెనక్కి తిరగదు. 60 కిలోలకు హారం 609.8, 120 కిలోలకు 860.2. మన ప్రశ్నకు జీఎల్ జవాబు 705 కిలోలు.

ఇప్పుడు 120 కిలోల లిఫ్టర్ నిజంగా 720 చేశాడనుకుందాం. విల్క్స్‌లో తేలిక లిఫ్టర్‌కు 426, బరువు లిఫ్టర్‌కు 414. 2019 పద్ధతిలో 621కి 584. రెండింట్లోనూ కప్పు తేలిక లిఫ్టర్‌దే. జీఎల్‌లో మాత్రం 82.0కి 83.7, కప్పు చేతులు మారింది. ఎత్తిన ఇనుములో ఒక్క కిలో తేడా లేదు. 2019 డిసెంబర్‌లో ఓడినవాడు అవే లిఫ్టులతో 2020 జూన్‌లో గెలిచేవాడు. 2019 ఫార్ములా, జీఎల్ రెండూ క్లాసిక్ లిఫ్టర్ల కోసం విడిగా కట్టినవే, అయినా 55 కిలోల తేడా వచ్చింది. ఏ ఫలితాలను తీసుకున్నారు, వాటి మీద ఎలాంటి గీత గీశారు అన్నదే తీర్పును మార్చేస్తుంది. జర్మనీలో 2019లో పుట్టి, తర్వాత అమెరికాలో యూఎస్ఏపీఎల్ అనే పవర్‌లిఫ్టింగ్ సంఘం స్వీకరించిన డాట్స్ ఫార్ములా ఇదే ప్రశ్నకు 735 అంటుంది. అక్కడ మన తేలిక లిఫ్టరే గెలుస్తాడు.

ఫార్ములా మారితే లిఫ్టర్ల ప్రవర్తనా మారుతుంది. పాయింట్లకు విభాగం పేరు కాదు, పోటీకి ముందు బరువు తూచే వెయ్-ఇన్‌లో కాటా చూపించిన అసలు బరువు తీసుకుంటారు. పోటీకి రెండు గంటల ముందు వెయ్-ఇన్ మొదలవుతుంది. 60 కిలోల లిఫ్టర్ నీళ్లు మానేసి 59కి దిగితే, విల్క్స్ లెక్కన టోటల్‌కు 7.8 కిలోలు కలిసినట్టు. జీఎల్ లెక్కన 4.5 కిలోలే. ఒంట్లో నీరు తగ్గి స్క్వాట్‌లో ఐదు కిలోలు పడిపోతే విల్క్స్ కాలంలో ఇంకా లాభమే మిగిలేది, ఇప్పుడు నష్టం. 120 కిలోల లిఫ్టర్‌కైతే జీఎల్‌లో ఒక కిలో తగ్గించుకున్నందుకు దక్కేది 2.6 కిలోలు. బార్ మీద కనీస పెంపే 2.5 కిలోలు, కాబట్టి ఆ టెన్షన్ పడటంలో అర్థం లేదు.

ఏ ఫార్ములా అయినా దాటలేని హద్దు ఒకటుంది. గీత గీసినవాళ్లు ప్రతి విభాగంలోనూ ప్రతిభ ఒకే లోతులో ఉందని అనుకోక తప్పదు. ఒక విభాగంలో పోటీ పడేవాళ్లు తక్కువైతే అక్కడి టోటల్స్ తక్కువగా ఉంటాయి. గీత దాన్ని ‘ఆ బరువు మనిషి చేయగలిగింది ఇంతే’ అని చదువుకుని, అక్కడివాళ్లకు పాయింట్లు ఉదారంగా ఇస్తుంది. కొరత మనుషులదో, శరీరాలదో ఫలితాల పట్టిక చూసి విడదీయలేం. పురుషులకు, మహిళలకు వేర్వేరు గీతలు గీసి ఇద్దరినీ ఒకే జాబితాలో పెట్టినప్పుడు ఈ సందేహం రెట్టింపవుతుంది. ఎత్తు, చేతుల పొడవు, కొవ్వు శాతం ఇవేవీ లెక్కలో లేవు. ఉండాలని నేను అనను, ఎందుకంటే లిఫ్టర్ తన విభాగాన్ని ఎంచుకోగలిగేది బరువుతోనే.

కాబట్టి రెండు ఫలితాల షీట్లు పక్కపక్కన పెట్టేముందు అవి ఏ ఫార్ములావో చూడాలి. విల్క్స్ 426ను డాట్స్ 422తో పోల్చడం కుదరదు, మన 60 కిలోల లిఫ్టర్ చేసిన ఒకే టోటల్‌కు వచ్చే రెండు అంకెలవి. క్లాసిక్ ఫలితాన్ని ఎక్విప్డ్ అంకెలతో లెక్కించారేమో చూడాలి, జిల్లా స్థాయి షీట్లలో ఇది సులువుగా జరిగే పొరపాటు. ఆపై మొదటి ఇద్దరి మధ్య తేడాను కిలోల్లోకి మార్చి చూడాలి. 60 కిలోల దగ్గర 0.4 జీఎల్ పాయింట్లంటే బార్‌కు రెండు వైపులా ఒక్కో 1.25 కిలోల ప్లేటు. తేడా అంతే ఉంటే కప్పు ఇవ్వండి, కానీ ఇద్దరిలో ఫలానావాడే బలవంతుడని ఆ అంకెను చూపించి వాదించకండి. జీఎల్, డాట్స్, విల్క్స్ మూడింట్లోనూ ఒకే పేరు ముందుంటే మాత్రం ఆ వాదనకు బలం ఉంటుంది.