కేబుల్ సాకెట్‌లో పట్టితే చాలా? యూఎస్‌బీ కాపీ స్పీడు: అపోహలు – వాస్తవాలు

నల్లగొండలో కంప్యూటర్ రిపేర్ షాపు నాది. పెళ్లిళ్ల సీజన్ మొదలైతే వీడియోగ్రాఫర్లు హార్డ్ డిస్కులు పట్టుకుని వరసగా వస్తారు. మొన్న మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. "అన్నా, డిస్క్ పోయినట్టుంది. ఒక్క పెళ్లి కాపీ కావాలంటే గంటన్నర అయితుంది. కొత్తది తీసుకోమంటవా?" అన్నాడు.

అపోహ: కాపీ నెమ్మదిగా అవుతుందంటే డిస్క్ పాడైనట్టే.

ముందు డిస్క్‌ని కాదు, కాపీ విండోని చూశాను. అందులో `More details` నొక్కితే స్పీడు గ్రాఫ్ కనిపిస్తుంది. మొదటి కొన్ని సెకన్లు ఎక్కువ చూపించినా నమ్మొద్దు, డేటా ముందు ర్యామ్‌లోకి పోతుంది కాబట్టి అలా కనిపిస్తుంది. తర్వాత గీత సెకనుకు 36 ఎంబీ దగ్గర తాడు కట్టినట్టు నిలబడింది. పాడవుతున్న డిస్క్ అయితే గీత తరచూ సున్నాకి పడిపోయి మళ్లీ లేస్తుంటుంది. 35, 40 మధ్య కదలకుండా ఉందంటే నా అనుమానం యూఎస్‌బీ 2.0 మీదే.

యూఎస్‌బీ 2.0 హద్దు సెకనుకు 480 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి లెక్క ప్రకారం 60 ఎంబీ. రెండు వైపులా మాట్లాడుకునే ఖర్చు పోగా చేతికొచ్చేది ఆ 35, 40. అతని పెళ్లి ఫుటేజ్ 180 జీబీ. 36తో భాగిస్తే 5,000 సెకన్లు, అంటే 83 నిమిషాలు. గంటన్నర లెక్క అక్కడే తేలింది.

అపోహ: పోర్టు నీలం రంగుది, డిస్క్ మీద 3.0 అని ఉంది, ఇంక కేబుల్ ఏదైతేనేం?

అతని ల్యాప్‌టాప్‌లో పోర్టు 3.0దే. డిస్క్ కూడా 3.0దే. మధ్యలో ఉన్నదే తేడా. ఇలాంటి డిస్కుల సాకెట్ వెడల్పుగా, మధ్యలో చిన్న నొక్కుతో రెండు గదుల్లా ఉంటుంది. పెద్ద గది అచ్చం పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీ ఆకారమే. డిస్క్‌తో వచ్చిన కేబుల్ ఎక్కడో పోగొట్టుకుని, ఈ తమ్ముడు పాత ఫోన్ ఛార్జర్ వైరు ఆ పెద్ద గదిలో గుచ్చాడు. డిస్క్ తిరిగింది, ఫోల్డర్లు కనిపించాయి. ఇంకేం కావాలి అనుకున్నాడు.

యూఎస్‌బీ 2.0లో డేటాకి ఉండేది ఒక్క జత తీగలే. 3.0 వచ్చినప్పుడు దానికి తోడు ఇంకో రెండు జతలు చేర్చారు, ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి. ఆ పిన్నులు ఉండేది ఖాళీగా వదిలేసిన చిన్న గదిలో. పాత వైరులో ఆ తీగలే లేవు, కాబట్టి డిస్క్ చప్పుడు చేయకుండా 2.0కి దిగిపోయింది. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు, అదే చిక్కు.

నా దగ్గరున్న వెడల్పు మూతి కేబుల్ పెట్టాను. సెకనుకు 110 ఎంబీ వచ్చింది, మొత్తం కాపీ 27 నిమిషాల్లో అయిపోయింది. కొత్త డిస్క్ డబ్బులు మిగిలాయి. నాకు ఒక అమ్మకం పోయిందనుకోండి!

అపోహ: 3.0 అంటే పది రెట్లు స్పీడు.

తీగ మోయగలిగేది ఎక్కువే, సెకనుకు 5 గిగాబిట్లు. కానీ తిరిగే పళ్లెం ఉన్న చిన్న డిస్క్ రాయగలిగేది మామూలుగా 100, 130 ఎంబీ. అందుకే మా కాపీ మూడు రెట్లే పెరిగింది. అదే కేబుల్‌తో ఎస్ఎస్‌డీ అయితే 400 దాకా చూడొచ్చు. ఇక వేల కొద్దీ చిన్న ఫొటోలైతే ఏ కేబుల్ పెట్టినా నెమ్మదే, ఒక్కో ఫైలుకి తెరిచి మూసే పని ఉంటుంది. వాటిని ఒక జిప్‌గా కట్టి పంపితే కొంత నయం.

అపోహ: టైప్-సి, అందులోనూ 65 వాట్లది, అయితే డేటా కూడా వేగమే.

రోజూ వినే మాట ఇది. టైప్-సి అన్నది మూతి ఆకారం పేరు మాత్రమే. వాట్లు మోసేది కరెంటు తీగలు, డేటా తీగలు వేరు. లావుగా, బలంగా కనిపించే ఛార్జింగ్ కేబుళ్లు చాలా వరకు లోపల 2.0వే. ఐఫోన్ 15 ప్రో పోర్టు సెకనుకు 10 గిగాబిట్లది, అయినా డబ్బాలో ఇచ్చిన కేబుల్ మాత్రం 2.0దే. కొనేటప్పుడు కవరు మీద 5 లేదా 10 జీబీపీఎస్ అని రాసి ఉందా చూడండి, వాట్లు మాత్రమే రాసి ఉంటే అది ఛార్జింగ్ కోసమే అనుకోండి.

సరైన కేబులే అయినా మూతి దగ్గర నలిగితే అదీ 2.0కి దిగుతుంది, లేదా కాపీ మధ్యలో డిస్క్ మాయమై మళ్లీ వస్తుంది. విండోస్ సెట్టింగ్స్‌లో డివైజ్ పేరు కింద `Connected to USB 3.0` అని వస్తే కలిసినట్టే. మన తమ్ముడికి కొత్త కేబుల్ ఇచ్చి, డిస్క్‌కే రబ్బరు బ్యాండ్‌తో కట్టి పంపాను. పాత వైరు అతని బ్లూటూత్ స్పీకర్‌కి పోయింది.