ఒకే పరీక్ష బిల్లులో రెండుసార్లు కనిపిస్తే: అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రి బిల్లింగ్ విభాగానికి వచ్చే అభ్యంతరాల ఈమెయిళ్లు చదివి, రికార్డులతో సరిచూడటం నా పని. న్యాయమైన ఫిర్యాదు కూడా సరైన వివరాలు లేక వారాల తరబడి నానుతుంటే బాధేస్తుంది.

అపోహ: డిశ్చార్జి రోజు ఇచ్చిన బిల్లు చూస్తే తప్పు తెలిసిపోతుంది.

వాస్తవం: చాలాసార్లు ఆ రోజు చేతికొచ్చేది సారాంశమే. గది, మందులు, ల్యాబ్ అంటూ పద్దుకొక మొత్తం ఉంటుంది. అందులో డూప్లికేట్ దొరకదు. తేదీ, సేవ పేరు, ఎన్నిసార్లు, ఒక్కోదానికి ఎంత అన్నవి వరుసగా ఉండే ఐటమైజ్డ్ బిల్లు కావాలని మొదటి ఈమెయిల్‌లోనే అడగండి. వాడకుండా వాపసు చేసిన మందుల లెక్క కూడా అడగండి.

అపోహ: ఒకే పరీక్ష ఒకే రోజు రెండుసార్లు ఉంటే అది తప్పే.

వాస్తవం: కాకపోవచ్చు. పొటాషియం తగ్గిన రోగికి మందు ఎక్కించాక మళ్లీ పరీక్షించడం మామూలే. తేడా తేల్చేది రిపోర్టుల మీద ఉండే శాంపిల్ తీసిన సమయం.

ఒక కేసు చెబుతాను. ఒక రోగికి రెండో రోజు పొటాషియం పరీక్ష బిల్లులో మూడుసార్లు వేశారు. రిపోర్టులు మాత్రం రెండే: ఉదయం 6 గంటలది, సాయంత్రం 4 గంటలది. వెతికితే అసలు సంగతి బయటపడింది. ఉదయం మొదట తీసిన రక్తంలో ఎర్రకణాలు చిట్లిపోయాయి. అలాంటి శాంపిల్‌లో పొటాషియం అసలు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ల్యాబ్ తిప్పి పంపింది. వార్డు వాళ్లు పాత ఆర్డరు రద్దు చేయకుండా కొత్తది పెట్టారు. రెండూ బిల్లులోకి ఎక్కాయి. ఎవరూ మోసం చేయలేదు, కానీ ఆ డబ్బు రోగి కట్టాల్సింది కాదు.

అపోహ: ‘బిల్లంతా తప్పులే’ అని గట్టిగా రాస్తేనే కదులుతారు.

వాస్తవం: అలా రాస్తే ఏ వరుస చూడాలో మాకు తెలియదు. పై కేసులో రోగి కొడుకు రాసింది దాదాపు ఇలా ఉంది:

> “మా నాన్నగారి ఐటమైజ్డ్ బిల్లులో 41, 42, 57 వరుసల్లో, రెండో రోజు తేదీతో, పొటాషియం పరీక్ష మూడుసార్లు ఉంది. మాకు అందిన రిపోర్టులు రెండే, జతచేశాను. మూడో రిపోర్టు ఉంటే పంపండి. లేకపోతే ఆ మొత్తం తీసేసి సవరించిన బిల్లు ఇవ్వండి. అది తేలేవరకు ఆ మొత్తాన్ని బకాయిగా చూపవద్దని మనవి.”

ఆ ఈమెయిల్ మొదట్లోనే రోగి ఆసుపత్రి నంబరు, బిల్లు నంబరు, చేరిన, డిశ్చార్జి అయిన తేదీలు ఉన్నాయి. ల్యాబ్‌ను ఒక్క ప్రశ్న అడిగితే విషయం తేలిపోయింది.

‘సరిచేశాం’ అని ఫోన్‌లో చెబితే అక్కడితో ఆగకండి. సవరించిన బిల్లు రాతపూర్వకంగా తీసుకోండి. బీమా ఉంటే దాని కాపీ బీమా సంస్థకూ పంపండి, ఎందుకంటే వాళ్ల దగ్గర పాత లెక్కే ఉంటుంది.